చావు లేని వాళ్ల వీడ్కోలు

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1954-55లో మూడు సంపుటాలుగా వెలువరించిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' ముగింపు నన్ను చాలాకాలం వేధించింది. దుష్టుడు సౌరాన్ కూలిపోయాడు. మంచే గెలిచింది. మరి గెలిచిన పక్షాన నిలిచిన ఎల్ఫ్‌లు ఓడిపోయినవాళ్లలా ఓడలెక్కి ఎందుకు వెళ్లిపోతారు?

జవాబు వాళ్ల ఉంగరాల్లోనే ఉంది. ఎల్ఫ్‌ల మూడు ఉంగరాలు ఆయుధాలు కావు. ఉన్నదాన్ని చెడిపోకుండా కాపాడే సాధనాలు. గలాడ్రియెల్ ఏలే లోత్‌లోరియన్ అడవి అలా వాడకుండా నిలిచిందే. ఫ్రోడో బృందం అక్కడ దాదాపు నెల రోజులు గడుపుతుంది. బయటికొచ్చి చంద్రుణ్ని చూసిన సామ్‌కు మాత్రం రోజులు లెక్క తేలదు. అయితే ఆ ఉంగరాల తయారీ విద్య సౌరాన్ సాయంతో అబ్బింది. అందుకే అతడి ఉంగరం నాశనమైతే వీటి మహిమా పోతుంది. గలాడ్రియెల్‌కు ఆ సంగతి తెలుసు. అయినా ఫ్రోడో ఇవ్వబోయిన ఉంగరాన్ని ఆమె వద్దంటుంది. తన అడవిని వదులుకోవడానికే సిద్ధపడుతుంది.

మా నాన్న పోయాక ఆయన గదిని నాలుగేళ్లు అలాగే ఉంచాను. కళ్లజోడు, సగం చదివిన పుస్తకం, గోడ మీద పాత క్యాలెండర్. ఆ గదిలో ఏదీ మారలేదు, ఎవరూ బతకలేదు కూడా. లోత్‌లోరియన్ నాకు అర్థమైంది అక్కడే. ఎల్ఫ్‌లలోని ఈ కోరికను టోల్కీన్ కూడా 1951లో రాసిన ఓ లేఖలో బలహీనతగానే ఎంచారు. మారే లోకంలోనే ఉండాలి, అది మారకూడదు అన్నది వాళ్ల ఆశ.

నిజానికి వాళ్లది పూర్తి అమరత్వం కాదు. లోకం ఉన్నంతకాలమే వాళ్లుంటారు. చంపినా వాళ్ల ఆత్మ లోకం దాటి పోలేదు. మిడిల్ ఎర్త్‌లోనే ఉండిపోతే, యుగాలు గడిచేకొద్దీ ఆ ఆత్మే దేహాన్ని లోపల్నుంచి దహించేస్తుంది. చివరికి కంటికి కనిపించని జ్ఞాపకంలా మిగులుతారు. టోల్కీన్ మరణానంతరం ఆయన కుమారుడు క్రిస్టఫర్ 1993లో ప్రచురించిన 'మోర్గాత్స్ రింగ్'లో ఈ వివరణ ఉంది. మనుషులు మాత్రం చనిపోయి లోకాన్ని దాటిపోతారు. టోల్కీన్ కథల్లో చావు మనుషులకు దక్కిన వరం.

ఆ వరం ఎంత బరువో ఆర్వెన్ కథ చెబుతుంది. ఎల్రాండ్ కూతురైన ఆమె అరగార్న్‌ను పెళ్లాడి మర్త్య జీవితాన్ని ఎంచుకుంది. తండ్రి ఓడెక్కాడు. ఆ ఇద్దరూ మళ్లీ ఎన్నటికీ కలవరు. 210 ఏళ్లకు అరగార్న్ తనంతట తాను ప్రాణం విడిచినప్పుడు, మనుషులు చావును చూసి ఎందుకు విలవిల్లాడతారో ఆమెకు తొలిసారి తెలిసింది. దాదాపు 2,900 ఏళ్లు బతికిన ఆర్వెన్ ఒంటరిగా లోత్‌లోరియన్‌కు వెళ్లింది. గలాడ్రియెల్ లేదు. పాటలు లేవు. ఆకులు రాలుతున్నాయి. వసంతం రాకముందే ఆమె అక్కడి కొండ మీద ఒరిగిపోయింది. కాలాన్ని ఆపిన ఆ చోటికి కాలం అప్పటికే వచ్చేసింది.