ఆదివారం పదింటి నుంచి నాలుగింటి దాకా

2015 చివరి నుంచి దాదాపు ఏడాది పాటు నా జీవితంలో ఒక మనిషి ఉండేవాడు. ఆదివారాల్లో ఉండేవాడు. పొద్దున పదింటికి మొదలై సాయంత్రం నాలుగింటికి అయిపోయేవాడు. నేను అప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. అతను అన్నావదినల దగ్గర ఉంటూ, ప్రైవేటు ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. ఊళ్ళో భూములున్న కుటుంబం. మాది అదే జిల్లాలో ఊరికి దక్షిణాన ఉండే వాడ.

మిత్రులారా, ఈ వారం ఆ గడియారం గురించి రాస్తున్నాను. మా కాలేజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి మొన్న స్టాఫ్ రూమ్ ఖాళీ అయ్యేదాకా ఆగి అడిగింది: "మేడమ్, వారానికి ఒక్కపూట మాత్రమే కలిసేవాడిని నమ్మొచ్చా?" ఆ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు లేదు. వారానికి ఒక్కపూట కలవడం దానంతటదే తప్పేం కాదు. ఆ పూట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

నా ఆదివారాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తాను. అశోక్ నగర్, చిక్కడపల్లి వైపు తిరిగిన వాళ్ళకు తెలుసు, అక్కడ కోచింగ్ సెంటర్లలో గ్రాండ్ టెస్టులు ఉంటాయి. అతను ఇంట్లో ప్రతి ఆదివారం గ్రాండ్ టెస్ట్ ఉందని చెప్పి వచ్చేవాడు. టెస్టు, తర్వాత కీ చూసుకోవడం, స్నేహితులతో చర్చ, అన్నీ కలిపి ఆరు గంటలు. అంటే వాళ్ళింట్లో నా పేరు గ్రాండ్ టెస్ట్. ఈ సంగతి అతనే నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. కొత్తలో అది మా ఇద్దరి దొంగాటలాగే ఉండేది.

ఆ టైం టేబుల్‌లో కొన్ని సంగతులు ఎన్నడూ మారేవి కావు. నేను ఉండే వైపు, యూనివర్సిటీ వైపు వచ్చేవాడే తప్ప, వాళ్ళ కాలనీ ఉన్న వైపు మేం ఒక్కసారి కూడా టీ తాగలేదు. రాత్రి ఎనిమిదింటి తర్వాత ఫోన్ చేస్తే కట్ అయ్యేది, పదకొండు దాటాక మెసేజ్ వచ్చేది. అతని ఫోన్లో నా నంబరు ఒక మగ పేరుతో, పక్కన "లైబ్రరీ" అని ఉండేది. సంక్రాంతికి ఊరెళ్తే తిరిగొచ్చేదాకా ఒక్క మాట ఉండేది కాదు. మాదీ ఆ జిల్లానే అయినా ఊళ్ళో ఉన్న రోజుల్లో నేను అతనికి పరిచయమే లేని మనిషిని.

క్లాసులో అష్టవిధ నాయికల పాఠం చెప్పినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. వాసకసజ్జిక అలంకరించుకుని ఎదురుచూస్తుంది, విరహోత్కంఠిత ఎందుకు రాలేదా అని కుములుతుంది, విప్రలబ్ధ సంకేత స్థలానికి వెళ్తే వాడు రాడు, అభిసారిక తానే బయల్దేరుతుంది. ఆ ఎనిమిదీ ఆడమనిషి పరిస్థితిని బట్టి పెట్టిన పేర్లు. ఆ నాయకుడు ఎవరికి ఏం చెప్పి వచ్చాడో అడిగే పేరు అందులో ఒక్కటీ లేదు. మన పిల్లలు ఎదురుచూపును ప్రేమకు గుర్తుగా నేర్చుకోవడంలో ఆ పాఠానికీ కొంచెం వాటా ఉందని నా అనుమానం. సరే, అది వేరే వారం రాస్తాను.

ఇప్పుడు ఇంకో జంట సంగతి. నా స్నేహితురాలు ఒక గురుకులంలో టీచర్. క్యాంపస్‌లోనే ఉండాలి, నైట్ డ్యూటీ వంతుల వారీగా వస్తుంది. ఆమె ఇష్టపడ్డ అతను ఆర్టీసీలో కండక్టర్. వాళ్ళు నెలకు రెండుసార్లు, అదీ నాలుగైదు గంటలు కలిస్తే గొప్ప. గంటలు లెక్కేస్తే నాకంటే ఆమెకే తక్కువ దక్కేవి. కానీ అతను డిపోలో చార్టు వేయగానే ఫోటో తీసి ఆమెకు పంపేవాడు. ఈ వారం ఆఫ్ మంగళవారం, వచ్చే వారం స్పెషల్ బస్సు పడింది కాబట్టి ఆఫ్ లేదు, ఇట్లా. మేడారం జాతర వచ్చిందంటే అంతా తలకిందులు. వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని "ఏం కోడలా, తిన్నవా" అని అడిగేది.

ఈ రెండూ పక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. నిజమైన డ్యూటీ మారుతూ ఉంటుంది. షిఫ్టు మారుతుంది, లీవు దొరుకుతుంది, ఒక వారం పోయి ఇంకో వారం రెండు రోజులు వస్తాయి. ఇంట్లో చెప్పిన అబద్ధం మీద నిలబడ్డ టైం మాత్రం మారదు. ఆ అబద్ధం ఎన్ని గంటలకు సరిపోతుందో అన్ని గంటలే. అందుకే మరీ కచ్చితంగా ఉండే వేళను నేను అనుమానంగా చూస్తాను. దొరికే వేళ కంటే దొరకని వేళలు ఎక్కువ చెప్తాయి. పగలు ఆఫీసు టైములో దొరికి, రాత్రులూ ఆదివారాలూ పండగలూ మాయమైతే అక్కడ భార్యాపిల్లలు ఉండొచ్చు. శని ఆదివారాలు మాత్రమే దొరికి వారమంతా మాయమైతే, వారమంతా ఉండే ఊళ్ళో ఇంకో సంసారం ఉండొచ్చు, లేదా నిన్ను చూడకూడని మనుషులు ఉండొచ్చు. నా విషయంలో పెళ్ళాం లేదు. ఉన్నది కులం.

అది నాకు ఒక బుధవారం బాగా తెలిసింది. అమ్మకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ పెట్టారు. ఊరి నుంచి అమ్మ, నేను, అంతే. రక్తం కావాలన్నారు, సంతకాలు పెట్టాలన్నారు. అతని ఆఫీసు ఆ ఆసుపత్రికి మూడు కిలోమీటర్లు. ఫోన్ చేశాను. "డబ్బులేమైనా కావాల్నా?" అన్నాడు. వద్దన్నా గంటలో నా ఖాతాలో ఐదు వేలు వేశాడు. అతను మాత్రం రాలేదు. ఆ ఆసుపత్రిలో వాళ్ళ వదిన చెల్లెలు ల్యాబ్‌లో పనిచేస్తుందట. ఐదు వేలు పంపడానికి ఎవరికీ కనపడాల్సిన పనిలేదు. వార్డు బయట బల్ల మీద కూచోవాలంటే కనపడాలి. అమ్మ కోలుకున్నాక ఆ డబ్బు తిరిగి వేశాను.

ఏప్రిల్లో జరగాల్సిన గ్రూప్-2 వాయిదాపడి 2016 నవంబర్ 11, 13 తేదీల్లో జరిగింది. పరీక్ష బాగా రాశానన్నాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. "పరీక్ష అయిపోయింది కదా, ఇంట్ల ఏం చెప్పి రావాలె?" అన్నాడు. ఆ మాట అతను దాచుకోకుండా, నిజంగా ఇబ్బంది పడుతూ అన్నాడు. నాకు ఇచ్చిన గంటలు అతని గంటలు కావు, గ్రాండ్ టెస్ట్‌వి. డిసెంబర్‌లో నేనే ఆపేశాను.

నా విద్యార్థిని ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేసింది. "భయంతో దాచేవాళ్ళు ఉండరా మేడమ్?" ఉంటారు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని నరికించింది ఆమె తండ్రి. అలాంటి ఇంట్లో ఉన్న అమ్మాయి వారానికి గంట మాత్రమే కలుస్తానంటే, ఆ గంట ఇద్దరి ప్రాణాలకు కాపలా. దాన్ని మోసమనడం అన్యాయం. మరి తేడా ఎట్లా తెలుస్తుంది? భయంతో దాచే మనిషి బయటపడే దారి వెతుక్కుంటుంది. పదో తరగతి మెమో, ఆధార్ ఇంట్లోంచి స్నేహితురాలి దగ్గరికి చేరుస్తుంది. కొంచెం కొంచెం డబ్బు వెనకేస్తుంది. నమ్మకమైన ఒక్కరికైనా నీ అసలు పేరు చెప్తుంది. ఆర్నెల్లకు దాచాల్సింది కొంత తగ్గుతుంది. సౌకర్యం కోసం దాచే మనిషి దగ్గర మొదటి నెలలో ఎంత దాపరికం ఉందో పన్నెండో నెలలోనూ అంతే ఉంటుంది. నాకు ఏడాది తర్వాత కూడా అతని స్నేహితుల్లో ఒక్కరి ముఖం తెలియదు.

"కేసు పెట్టొచ్చు కదా" అనే మిత్రులకు ఒక మాట. నెరవేర్చే ఉద్దేశం లేకుండానే పెళ్ళి చేసుకుంటానని ఆడమనిషికి మాటిచ్చి లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ళ వరకు శిక్ష అని భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ చెప్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. కానీ ఉద్దేశం మొదటి నుంచీ లేదని చూపించాలి. ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో ఆమె షెడ్యూల్డ్ కులాల స్త్రీ. అతను పెళ్ళి మాటిచ్చి, తర్వాత కులం తేడా ఎత్తి వెనక్కి తగ్గాడు. 2019లో సుప్రీం కోర్టు, మాట తప్పడం వేరు, మొదటి నుంచే అబద్ధపు మాట ఇవ్వడం వేరు అని ఆ ఎఫ్ఐఆర్ కొట్టేసింది. అట్రాసిటీ ఆరోపణలు కూడా నిలవలేదు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. మొదటిరోజు నుంచీ ఆమె కులం తెలిసిన మనిషికి ఏళ్ళ తర్వాత అది అడ్డమెట్లా అయ్యిందో ఇంకా గట్టిగా అడగాల్సింది. కానీ ఇవాళ్టి చట్టం అది. దాపరికపు వేళల్లో జరిగిన మాటకు సాక్షి ఉండడు. కాబట్టి మెసేజులు చెరిపేయకండి.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే. తగవు పెట్టుకోకుండా, ఏడవకుండా, వేళ కాని వేళ ఒకటి అడుగు. ఒక బుధవారం సాయంత్రం అడుగు. లేదా ప్రత్యేక వివాహ చట్టం నోటీసు గురించి మాట్లాడు. 1954 నాటి ఆ చట్టం కింద ఇద్దరిలో ఒకరు కనీసం ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసివ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనిపించేట్టు అంటిస్తారు, ముప్పై రోజులు ఆగాలి. ప్రాణభయం ఉన్నవాళ్ళకు ఆ అంటించడమే గండం, వాళ్ళు ముందు లాయర్‌ని కలవాలి. ప్రాణభయం లేని వాడు ఆ కాగితం పేరెత్తగానే ఏ తేదీ చెప్తాడో, లేక మళ్ళీ ఆదివారం మాట్లాడుకుందాం అంటాడో విను.

నా గురుకులం స్నేహితురాలు, ఆ కండక్టర్ నోటీసిచ్చింది ఒక సోమవారం. ఆ రోజు అతనికి ఆఫ్ లేదు. ఇంకో కండక్టర్‌తో డ్యూటీ మార్చుకున్నాడు, బదులుగా అతని తరఫున రెండు నైటవుట్లు చేశాడు.