పాటలు కారులో, మాటలు ఫోనులో

ఈమధ్య కారు కొన్నవాళ్లు ఎవరు కలిసినా ఒక ఫిర్యాదు వినిపిస్తోంది. ఫోనుని కారుతో పెయిర్ చేశాం, పాటలు నాలుగు స్పీకర్లలోనూ బ్రహ్మాండంగా మోగుతున్నాయి, కానీ కాల్ వస్తే మాత్రం అవతలి గొంతు ఫోనులోనే వినిపిస్తోంది అని. మీకూ ఇదే జరుగుతుంటే కాసేపు ఇలా కూర్చోండి. షోరూముకి పరుగెత్తకముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది.

మనం ‘పెయిర్ అయింది’ అనగానే ఫోనుకీ కారుకీ మధ్య ఒకే దారి పడిందనుకుంటాం. నిజానికి పెయిర్ చెయ్యడమంటే రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి, రహస్య తాళం ఒకటి పంచుకోవడం మాత్రమే. ఆ తర్వాత ఏ పనికి ఆ పనికి విడివిడిగా కనెక్షన్ పడుతుంది. వీటిని బ్లూటూత్‌లో ప్రొఫైల్స్ అంటారు. పాటల కోసం ఉన్నదాని పేరు ఏ2డీపీ, కాల్స్ కోసం ఉన్నది హెచ్ఎఫ్‌పీ, అంటే హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్. రేడియోకీ టెలిఫోనుకీ ఎంత తేడా ఉందో ఈ రెండింటికీ అంత తేడా. పాట ఫోను నుంచి కారుకి వెళ్తే చాలు, తిరిగి రావాల్సింది ఏమీ లేదు. కాస్త ఆలస్యంగా వెళ్లినా మనకి తెలియదు. కాల్ అలా కాదు. అవతలివాళ్ల గొంతు స్పీకర్లలోకి రావాలి, అదే క్షణంలో మన గొంతు కారు మైకు నుంచి ఫోనుకి వెళ్లాలి. అందుకని కాల్ మొదలయ్యాక ఫోను ప్రత్యేకంగా మాటల కోసం ఇంకో లింకు తెరుస్తుంది. అటు సెకనుకి 64 కిలోబిట్లు, ఇటు 64 కిలోబిట్లు, అంతే దాని వెడల్పు. పాట అంత నిండుగా వినిపించే స్పీకర్లలోనే మాట కాస్త సన్నగా వినిపించడానికి కారణం ఇదే. స్పీకర్లలో లోపం లేదు.

కాబట్టి పాటలు వస్తున్నాయంటే ఏ2డీపీ పనిచేస్తోందని తెలిసింది, అంతవరకే. హెచ్ఎఫ్‌పీ సంగతి ఇంకా మనకి తెలియదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కారు ఒక పక్కన ఆపి, స్టీరియో ఆన్‌లో ఉంచి, ఇంట్లోవాళ్ల చేత మీ ఫోనుకి కాల్ చేయించండి. కాల్ ఎత్తాక ఫోను స్క్రీన్ మీద స్పీకర్ బొమ్మ ఉంటుంది కదా, దాన్ని నొక్కండి. కాల్స్ కోసం బ్లూటూత్ కనెక్ట్ అయి ఉంటే అక్కడ చిన్న జాబితా తెరుచుకుంటుంది: ఫోను, స్పీకర్, దాని కింద కారు పేరు. కారు పేరు ఉందా, లేదా? మిగతా కథంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

పేరు ఉంటే, దాన్ని నొక్కగానే గొంతు స్పీకర్లలోకి వస్తే, కనెక్షన్ బాగానే ఉన్నట్టు. అయితే కాల్ ఎత్తిన తీరు చూసుకోవాలి. ఫోను చేతిలోకి తీసుకుని దాని స్క్రీన్ మీదే ఎత్తితే, ఈయన ఫోనులోనే మాట్లాడాలనుకుంటున్నాడని కొన్ని ఫోన్లు అర్థం చేసుకుంటాయి. స్టీరింగ్ మీద బటన్‌తో గానీ, కారు స్క్రీన్ మీద గానీ ఎత్తితే అదే కాల్ స్పీకర్లలోకి వెళ్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు Settings లో Accessibility, అందులో Touch, అందులో Call Audio Routing తెరవండి. అక్కడ Automatic, Bluetooth Headset, Speaker అని మూడు ఉంటాయి. Speaker మీద ఉంటే కాల్ ఫోను స్పీకర్‌లోనే మోగుతుంది. ఎవరో పెద్దవాళ్లకి వినబడటం లేదని ఒకప్పుడు అలా పెట్టి మర్చిపోయిన ఫోన్లు ఉంటాయి. Automatic కి మార్చి చూడండి, అప్పటికీ మొండికేస్తే Bluetooth Headset పెట్టండి.

కారు పేరు నొక్కాక ఫోనులో గొంతు ఆగిపోయి, స్పీకర్లలోనూ ఏమీ వినిపించకపోతే కంగారు పడకండి. చాలా కార్లలో పాటల వాల్యూమ్ వేరు, కాల్ వాల్యూమ్ వేరు. కాల్ వాల్యూమ్ ఎప్పుడో అడుగుకి వెళ్లిపోయి ఉంటుంది. కాల్ నడుస్తుండగానే వాల్యూమ్ నాబ్ తిప్పితే అది పెరుగుతుంది. పాట పెట్టి ఎంత తిప్పినా ఏ లాభమూ ఉండదు.

ఇక ఆ జాబితా తెరుచుకోకపోతే, లేదా అందులో కారు పేరే లేకపోతే? అసలు చిక్కు అక్కడుంది. దీన్ని మా పిన్ని కొడుకు కారు విషయంలో దగ్గరుండి చూశాను కాబట్టి అది కాస్త నిదానంగా చెబుతాను.

వాడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ‘‘అన్నా, పాటలొస్తాయి, కాల్స్ రావు. స్టీరియో మార్చెయ్యమంటావా?’’ అని ఫోన్ చేశాడు. ‘‘ఎప్పుడూ రావా, ఎప్పుడైనా వస్తున్నాయా?’’ అని అడిగాను. వాడు కాసేపు గుర్తు చేసుకుని, ‘‘ఆఫీసుకి ఒక్కణ్నే వెళ్లేటప్పుడు బాగానే వస్తాయన్నా. నేనూ మా ఆవిడా కలిసి వెళ్తేనే ఫోనులో మోగుతుంది’’ అన్నాడు. ఒరేయ్, ఇంక చెప్పక్కర్లేదు, స్టీరియో జోలికి వెళ్లకు అన్నాను.

ఆదివారం వాళ్లింటికి వెళ్లి ముగ్గురం కారులో కూర్చున్నాం. వాడి ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ తెరిస్తే కారు పేరు కింద చిన్న అక్షరాల్లో Connected (no phone) అని ఉంది. ఈ మాటని చాలామంది చూడకుండా దాటేస్తారు. కారు కనెక్ట్ అయింది, కానీ కాల్స్ కోసం కాదు అని ఫోను స్పష్టంగానే చెబుతోంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇదే సంగతి ఇంకోలా ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే Connected for calls and audio అనీ, కాల్స్ లేకపోతే audio ఒక్కటే అనీ రాసి ఉంటుంది. పేరు పక్కనున్న గేరు గుర్తు నొక్కితే Phone calls, Media audio అని రెండు స్విచ్‌లు కనబడ్డాయి. Phone calls ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాం. ఒక్క క్షణం నిలబడి మళ్లీ దానంతట అదే ఆఫ్ అయింది.

ఆ స్విచ్ ఆన్ చేస్తే నిలబడిపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది, చాలామందికి అలాగే అయిపోతుంది. వెనక్కి పడిపోయిందంటే మాత్రం ఫోను అడుగుతోంది, కారు ఒప్పుకోవడం లేదని అర్థం. అప్పుడు కారు స్క్రీన్ మీద ఫోన్ల జాబితా తెరిచాం. వాడి పేరు పక్కన సంగీతం గుర్తు ఒక్కటే వెలుగుతోంది. మా మరదలి ఫోను పేరు పక్కన రిసీవర్ గుర్తు వెలుగుతోంది. ఆ కారు ఒకసారికి ఒక్క ఫోనుకే కాల్స్ బాధ్యత ఇస్తుంది. మరదలి ఫోను ముందు పెయిర్ అయింది కాబట్టి, ఆమె కారెక్కగానే హ్యాండ్‌బ్యాగులోంచే ఆ చోటు పట్టేసుకుంటోంది. వాడి ఫోనుకి పాటల చోటు మాత్రమే మిగులుతోంది. ఆమె లేనప్పుడు రెండు చోట్లూ ఖాళీగా ఉంటాయి కాబట్టి రెండూ వాడికే దక్కుతున్నాయి.

వాడి ఫోను పేరు నొక్కి రిసీవర్ గుర్తు దానికి మార్చాం. వెంటనే ఫోనులో (no phone) అన్న మాట మాయమైంది. మరదలు దిగి ఇంట్లోకి వెళ్లి కాల్ చేసింది, స్పీకర్లలో గొంతు ఖంగున మోగింది. ఆ కారులో మొదటి ప్రాధాన్యం ఏ ఫోనుకి ఇవ్వాలో ఎంచుకునే సదుపాయం కూడా ఉంది, దాన్నీ వాడి ఫోనుకే పెట్టాం. పాత యజమాని ఫోను పేరు ఇంకా జాబితాలో కూర్చుని ఉంటే తీసేశాం. సెకండ్ హ్యాండ్ కారు కొన్న ప్రతివాళ్లూ ఈ పని చెయ్యాలి. ఆ జాబితాతో పాటు వాళ్ల కాంటాక్ట్స్ కూడా కారులో మిగిలిపోతాయి.

ఇలాంటి పోటీ కారు లోపలే ఉండాలని లేదు. మీ చేతికి కాల్స్ మాట్లాడే స్మార్ట్ వాచ్ ఉందనుకోండి, జేబులో ఇయర్‌బడ్స్ ఉన్నాయనుకోండి, అవీ హెచ్ఎఫ్‌పీ తోనే పనిచేస్తాయి. కారు కన్నా వాటివైపు ఫోను మొగ్గు చూపితే కాల్ అటు పోతుంది. పరీక్ష చేసేటప్పుడు వాటిని ఆఫ్ చేసి చూడండి.

ఇవేవీ కాకపోతే అప్పుడు చెరిపేసి మళ్లీ పెయిర్ చెయ్యాలి. ఇక్కడ ఎక్కువమంది సగం పని చేస్తారు. ఫోనులో మాత్రం Forget నొక్కి, కారులో పాత పేరు అలాగే వదిలేస్తారు. పాత తాళం ఒకవైపు మిగిలిపోతే కొత్త పెయిరింగ్ సరిగ్గా కుదరకపోవచ్చు. రెండు వైపులా తీసేసి, రెండింటినీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, అప్పుడు మొదలుపెట్టండి. కారు కొన్ని చోట్ల కాల్స్‌కా, పాటలకా, రెండింటికా అని అడుగుతుంది. రెండూ ఎంచుకోండి. కాంటాక్ట్స్ పంచుకోవాలా అని ఫోను అడిగేది వేరే సంగతి. వద్దంటే కారు స్క్రీన్ మీద పేర్లు రావు గానీ, గొంతు రావడానికి దానితో పనిలేదు.

మామూలు కాల్స్ కారులో వస్తూ వాట్సాప్ కాల్స్ ఒక్కటే ఫోనులో మోగుతుంటే, లోపం కారుది కాదు, పెయిరింగ్‌దీ కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరాలతో పనిచెయ్యడానికి యాప్‌లకి Nearby devices అనే అనుమతి విడిగా ఇవ్వాలి. వాట్సాప్ అడిగినప్పుడు వద్దని నొక్కేసి ఉంటే, సెట్టింగ్స్‌లో ఆ యాప్ అనుమతుల్లోకి వెళ్లి ఇచ్చెయ్యండి.

ఇదంతా కారు ఆపి చెయ్యాల్సిన పని అని మళ్లీ చెబుతున్నాను. గొంతు ఫోనులోకి పోయిందని బండి నడుపుతూ ఒక చేత్తో దాన్ని చెవి దగ్గర పెట్టుకోవడమే అసలు ప్రమాదం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ దాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది కూడా.

ఒక్క రకం బండ్ల వాళ్లకి మాత్రం పైన చెప్పినవేవీ పనిచెయ్యవు. పాత కారులో బ్లూటూత్ లేక, ఆక్స్ పిన్నుకి చిన్న రిసీవర్ ఒకటి కొని గుచ్చుకున్నవాళ్లు. అలాంటివాటిలో చవకైనవి కొన్ని పాటల కోసమే తయారైనవి, వాటికి మైకే ఉండదు. గేరు గుర్తు నొక్కితే Media audio ఒక్కటే ఉండి, Phone calls అన్న స్విచ్ అసలు కనబడకపోతే మీది ఆ రకమే. ఎన్నిసార్లు పెయిర్ చేసినా కాల్ అందులోకి రాదు. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద హెచ్ఎఫ్‌పీ అని ఉందో లేదో, మైకు ఉందో లేదో చూసుకోండి, కొట్టులోనే ఒక కాల్ చేయించుకుని విని మరీ డబ్బులివ్వండి.