క్లిప్పు గుర్తు లేని మెయిల్

ఎవరైనా "ఫైలు జతచేశాను, చూడండి" అని రాసి, ఫైలు లేకుండా మెయిల్ పంపితే ఇంగ్లండు ఆఫీసుల్లో ఎవరూ "మీరు ఫైలు పెట్టలేదు" అనరు. "నా వైపు ఎందుకో ఫైలు కనబడటం లేదు, మళ్ళీ ఒకసారి పంపగలరా?" అంటారు. ఎదుటివాడు మరిచిపోయాడని తెలిసి కూడా తప్పును తమ కంటి మీద వేసుకునే ఈ పద్ధతి, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి నటనలా అనిపిస్తుంది. ఎనిమిదింటికి రావలసిన బస్సు ఎనిమిదిన్నరకి వచ్చినా డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగే జనం కదా, ఇదీ ఆ కోవలోదే అనుకుంటారు.

బర్మింగ్‌హామ్‌లో సరుకు రవాణా లెక్కలు చూసే ఉద్యోగంలో రోజంతా ఇతరుల ఫైళ్ళ మీదే బతుకుతాను కనుక, నా అభిప్రాయం వేరు. ఆ వాక్యంలో మర్యాద ఉన్నమాట నిజమే గానీ, అంతకంటే ఎక్కువగా కచ్చితత్వం ఉంది. ఫైలు నాకు కనబడటం లేదన్నది ఒక్కటే నాకు తెలిసిన సంగతి. అవతలివాళ్ళు పెట్టలేదన్నది నా ఊహ. ఈ రెంటికీ తేడా ఎంతో ఒక మార్చి నెలాఖరున మా వాళ్ళందరికీ తెలిసొచ్చింది.

మా కంపెనీ కొత్తగా కలుపుకున్న ఒక సోదర సంస్థ ఉంది. వాళ్ళ మెయిల్ వ్యవస్థ వేరు, మాది వేరు. అక్కడ పనిచేసే ఒకావిడ ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే లారీ కిరాయిల పట్టిక పంపాలి. హైదరాబాదులో ఉన్న మా టీము దాన్ని సిస్టంలో ఎక్కించాలి. గురువారం ఇక్కడ ఉదయం 11 దాటాక ఆవిడ మెయిల్ వచ్చింది. "సవరించిన రేట్లు జతచేశాను" అన్న ఒక వాక్యం, కింద ఆవిడ సంతకం, కంపెనీ లోగో. పక్కన క్లిప్పు గుర్తు లేదు. ఇక్కడ గడియారాలు ఇంకా ముందుకు జరపలేదు కాబట్టి హైదరాబాదుకీ మాకూ ఐదున్నర గంటల తేడా. అంటే అక్కడ అప్పటికే సాయంత్రం. రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే మా సాయంత్రం నాలుగింటికి, వాళ్ళ షిఫ్టు ముగుస్తుంది.

హైదరాబాదు కుర్రాడు వెంటనే జవాబిచ్చాడు. మెయిల్లో ఉన్న అందరికీ, రెండు దేశాల మేనేజర్లతో సహా. "డియర్ మేడమ్, అటాచ్‌మెంట్ మిస్సింగ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్." ఐదు నిమిషాల్లో ఆవిడ నుంచి జవాబు వచ్చింది: నేను పంపిన మెయిల్లో ఫైలు ఉంది, ఇప్పుడే చూశాను. ఆ వెంటే ఆవిడ ఆఫీసు వాళ్ళు ఇద్దరు, మాకు బాగానే వచ్చిందే అన్నారు. అందరి ముందూ మాట పడింది కాబట్టి అందరి ముందే సమాధానం వచ్చింది. కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, లేనిది లేదనే కదా రాశాను, ఇందులో తప్పేముంది? మేడమ్ అని కూడా అన్నాను."

గౌరవం అతని మాటలో నిండుగానే ఉంది. కానీ అతను రాసినదాంతో ఆవిడ చేయగలిగిన పని ఒక్కటీ లేదు. ఏ ఫైలు కోసం చూస్తున్నాడో, ఎన్ని గంటలకు కావాలో, వేరే దారిలో పంపితే సరిపోతుందో లేదో, ఏదీ లేదు. "ఎట్ ది ఎర్లియెస్ట్" అంటే ఇక్కడివాళ్ళకి గడువు కాదు, గద్దింపు. అసలు చిక్కు మాత్రం ఆవిడ నిజంగానే ఫైలు పెట్టడంలో ఉంది.

మెయిల్ వచ్చి, అందులోని ఫైలు మాత్రం దారిలో ఎలా పోతుంది? మెయిల్‌కి జతచేసిన ఫైలు వెనకాల విడిగా వచ్చే పార్సిల్ కాదు. దాన్ని అక్షరాలుగా మార్చి, ఉత్తరంలోనే ఒక భాగంగా, మధ్యలో సరిహద్దు గీతలాంటి ఒక వరుస పెట్టి పంపుతారు. మైమ్ అనే ఈ పద్ధతి 1992 నాటిది. దాని రూపకర్తల్లో ఒకరైన నథానియల్ బోరెన్‌స్టైన్ ఆ ఏడాది మార్చిలో పంపిన మొదటి అటాచ్‌మెంట్లలో, తాను పాడే నలుగురి పాటల బృందం ఫొటో, వాళ్ళ పాట రికార్డింగూ ఉన్నాయి. భాగాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి, దారిలో కాపలా కాసే సర్వరు అనుమానం వచ్చిన భాగాన్ని కత్తిరించి మిగతాది పంపేయగలదు. ఎయిర్‌పోర్టు తనిఖీలో పెట్టె తెరిచి ఏదో తీసేసి, మళ్ళీ మూసి మనకి అప్పజెప్పినట్టు. కొన్ని సర్వర్లు "ఫలానా ఫైలు తొలగించాం" అని ఒక చీటీ పెడతాయి. కొన్ని పెట్టవు. మాది రెండో రకం.

సైజు ఎక్కువైతే సంగతి వేరు. అప్పుడు మామూలుగా మెయిల్ మొత్తం తిరిగి పంపినవాళ్ళ దగ్గరికే వెళుతుంది. జీమెయిల్ అయితే, 25 ఎంబీ దాటిన ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింకు ఇస్తుంది. అందుకని మెయిల్ శుభ్రంగా వచ్చి ఫైలు మాత్రమే లేకపోతే, బరువును అనుమానించడం దండగ. పంపినవాళ్ళు మరిచిపోయి ఉండాలి, లేదా దారిలో కత్తిరించి ఉండాలి. ఇంకొక మామూలు కారణం ఉంది. ఎవరో పాత మెయిల్‌కి రిప్లై నొక్కి అందులో మనల్ని కలుపుతారు. రిప్లైలో పాత ఫైళ్ళు రావు, ఫార్వర్డ్‌లోనే వస్తాయి. కింద "జతచేశాను" అన్న పాత వాక్యం మాత్రం అలాగే ఉంటుంది.

మరిచిపోయారా, కత్తిరించారా అన్నది తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఆ మెయిల్‌ని విడి కిటికీలో తెరిచి File, Properties నొక్కితే, కింద Internet headers అనే చిన్న పెట్టెలో బోలెడు వరుసలు కనబడతాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ నుంచి బయలుదేరిన మెయిల్ అయితే, వాటిలో ఇలాంటి ఒక వరుస ఉంటుంది:

```
X-MS-Has-Attach: yes
```

ఫైలు లేకుండా బయలుదేరితే ఆ చివర ఖాళీగా ఉంటుంది. ఆవిడ మెయిల్లో yes ఉంది. అయితే దీన్నే సాక్ష్యంగా పట్టుకోకూడదు, ఎందుకంటే సంతకం కింది లోగో బొమ్మ వల్ల కూడా yes పడవచ్చు. కానీ ఆవిడ దగ్గర పంపిన మెయిల్లో ఫైలు ఉంది, ఆవిడతో ఒకే మెయిల్ వ్యవస్థలో ఉన్నవాళ్ళకి చేరింది, మా వైపు ఒక్కరికీ చేరలేదు. ఈ మూడింటితో కలిపి చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మా గుమ్మం దగ్గరే పోయింది.

అప్పుడు నేను ఆవిడ ఒక్కరికే రాశాను. సబ్జెక్టు మార్చలేదు. మారిస్తే వెతుక్కునేటప్పుడు రెండు ఉత్తరాలు రెండు చోట్ల పడతాయి. ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

"హాయ్, కిరాయి రేట్లు పంపినందుకు థాంక్స్. మా వైపు ఉన్నవాళ్ళెవరికీ ఫైలు కనబడటం లేదు. మీ ఆఫీసులో అందరికీ వచ్చింది కాబట్టి మా సర్వరే ఆపిందనుకుంటున్నాను. ఫైలు పేరు చివర ఏముందో చెప్పగలరా? హైదరాబాదు టీము ఇవాళ మన టైము నాలుగింటికి వెళ్ళిపోతుంది, మూడింటిలోగా అందితే రేట్లు ఇవాళే ఎక్కిస్తారు. మెయిల్‌కి బదులు రెండు ఆఫీసులూ వాడే ఫోల్డర్‌లో పెట్టినా సరిపోతుంది."

ఇందులో "జస్ట్", "సారీ టు బాదర్ యూ" లాంటివి లేవు, "నో రష్" అంతకన్నా లేదు. ఇక్కడి మర్యాదలో నాకు నచ్చని ముక్క ఈ "తొందరేం లేదు" అన్నదే. నిజంగా తొందర ఉన్నప్పుడు కూడా అలవాటుగా రాసేస్తారు. చదివినవాళ్ళు దాన్ని నమ్మి సోమవారం పంపితే వాళ్ళదేం తప్పు? గడువు చెప్పడం మొరటుతనం కాదు. కారణంతో పాటు, వాళ్ళ గడియారం లెక్కలో చెబితే, పని ఏ వేళకి ముగించాలో వాళ్ళకే తేలిగ్గా తెలుస్తుంది.

ఆవిడ వెంటనే జవాబిచ్చింది. ఫైలు పేరు చివర .xlsm. అంటే లోపల మాక్రోలున్న ఎక్సెల్. వైరస్‌లు ఎక్కువగా ఈ దారినే వస్తాయని మా ఐటీ వాళ్ళు బయటి నుంచి వచ్చే ఆ రకం ఫైళ్ళన్నిటినీ ఆపేస్తారు. అడిగితే, అవును, మా క్వారంటైన్‌లో ఉంది అన్నారు. విడుదల చేయించడానికి ఫారం నింపాలి, అనుమతి రావాలి. అది మూడింటిలోగా అయ్యే పని కాదు. "పేరు చివర మార్చి పంపమందామా అన్నా?" అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. కాపలా వ్యవస్థని మోసం చేసే చిట్కా ఒకసారి పనిచేస్తే, మళ్ళీ మళ్ళీ వాడబుద్ధవుతుంది. పైగా చాలా సర్వర్లు పేరు చూసి ఊరుకోవు, లోపల కూడా చూస్తాయి.

మాకు కావలసింది అంకెలే, మాక్రోలు కాదు. అందుకని మామూలు .xlsx గా మార్చి ఆ ఫోల్డర్‌లో పెట్టమన్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన్ని గడుల్లో లెక్క ఆ మాక్రోలే చేస్తుంటే, మార్చిన ఫైలులో అంకెకి బదులు #NAME? అని రావచ్చు. కాబట్టి మార్చేముందే ఆ గడుల్ని కాపీ చేసి విలువలుగా అతికించాలి. ఆవిడ పంపిన మొదటి కాపీలో డీజిల్ సర్‌చార్జి వరుస మొత్తం అలాగే వచ్చింది. ఫోన్లో చెబితే నవ్వి, నిమిషంలో సరిచేసింది. రెండున్నరకల్లా ఫైలు చేతిలో ఉంది.

ఇలా మళ్ళీ పంపమని అడగడం తెలిసిన మనిషి విషయంలోనే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు "జతచేశాను" అని ఖాళీ మెయిల్ పంపితే జవాబు ఇవ్వకుండా ఐటీ వాళ్ళకి చూపించడం మంచిది. ఫైలు రాలేదని మర్యాదగా మనం రాసే ఆ ఒక్క లైనూ, మన అడ్రసు పనిచేస్తోందని, దాని వెనక ఒక మనిషి ఉన్నాడని మోసగాడికి చెబుతుంది. రెండో మెయిల్లో వచ్చే ఫైలును మనమే అడిగి తెప్పించుకున్నట్టవుతుంది.

ఫైలు తెరిచి, ఆవిడ చెప్పిన వరుసలన్నీ ఉన్నాయని చూసుకున్నాక, అందిందని ఎవరికి రాయాలన్న ప్రశ్న మిగిలింది. మామూలుగా నేను పంపినవాళ్ళకే రాస్తాను, అందరి ఇన్‌బాక్సులూ నింపను. కానీ లేదన్న మాట అందరికీ వెళ్ళింది కాబట్టి, దొరికిందన్న మాట కూడా అందరికీ వెళ్ళాలి అన్నాను. అదీ కుర్రాడి పేరుతోనే. ఫైలు ఆవిడ సరిగానే పంపారని, మా వైపు సర్వరు ఆపిందని, రేట్లు ఎక్కించడం మొదలుపెట్టామని మూడు వాక్యాలు రాశాడు. అరగంటలో ఆవిడ మేనేజరు దానికి బొటనవేలు గుర్తు పెట్టాడు.