28 చిన్న బట్టలు, ఒక్కటే మూట

పసిపిల్లల బట్టలు చిరిగిపోవు, పొట్టివైపోతాయి. మా పాప పుట్టినప్పుడు కొన్న జుబ్బాలు మూడు నెలలు కూడా సరిగ్గా వాడలేదు. పాశమైలారంలో కంపెనీల పక్కన మాది ఒకే గది, దానికి తోడు చిన్న వంటిల్లు. మంచం కింద ఉన్న ఒక్క పెట్టె కూడా పాప పాత బట్టలతోనే నిండిపోయింది.

అమ్మేద్దామని అంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "రేపు ఇంకొకరు పుడితే మళ్లా కొంటవా?" అంది. అసలు ప్రశ్న బట్టల గురించి కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. ఒక్క పాప చాలని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం, కానీ ఇంట్లో గట్టిగా చెప్పలేదు. పెట్టె ఖాళీ చేయడమంటే ఆ మాట చెప్పడమే. "లేదత్తమ్మా, మాకు ఒక్కతే చాలు" అన్నాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఒక జుబ్బా తీసి, "దీని తాడు ఊడింది, కుట్టియ్యాలె" అంది.

పెట్టెలో మొత్తం 41 ఉన్నాయి. నేను అమ్మకానికి పెట్టింది 28. మిగతావి ఎందుకు తీసేశానో చెబితే మీకూ పనికొస్తుంది. లంగోటీలన్నీ ముందే పక్కన పెట్టాను. ఎంత ఉతికినా వేరేవాళ్ల బిడ్డకు అవి ఇవ్వాలనిపించదు. తర్వాత ప్రతి బట్టనూ మధ్యాహ్నం వెలుతురులో మెడ దగ్గర చూశాను. కక్కిన పాల మరక ఉతికినప్పుడు పోయినట్టే ఉంటుంది. కానీ పాలలోని కొవ్వు కొంచెం దారాల్లో మిగిలిపోతుంది. నెలల తరబడి మడతపెట్టి ఉంచితే అదే పసుపు మచ్చై పైకి తేలుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఇది కనపడదు. నడుం ఎలాస్టిక్‌ను రెండు చేతులతో లాగి వదిలాను. టక్కున వెనక్కి రానివి పక్కకు పోయాయి. టిచ్ బటన్లను ఒక్కొక్కటీ లాగి చూశాను. వదులైన బటన్ పిల్లల నోట్లోకే పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి కలరా ఉండలు. పాత బట్టల పెట్టె అనగానే మన ఇళ్లల్లో అవే గుర్తొస్తాయి. వాటిలో చాలావరకు నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా పుట్టిన పిల్లలకు దాని ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదురుతాయి. 1963లోనే గ్రీస్ డాక్టర్లు నాఫ్తలీన్ ఆవిరి పీల్చి ఇలా రక్తం దెబ్బతిన్న 21 మంది పసికందుల గురించి రాశారు. పుట్టబోయే బిడ్డకు ఆ లోపం ఉందో లేదో కొనే తల్లికి తెలియదు. అందుకే మా పెట్టెలో ఎండిన వేపాకే వేశాం. కొనేవాళ్లు అడగకపోయినా ఈ ముక్క ప్రకటనలో రాయాలనుకున్నాను. మీరు కొనేటప్పుడు బట్ట ముక్కు దగ్గర పెట్టుకోండి. ఆ ఘాటు వాసన వస్తే తీసుకోకండి.

ఇక ధర. మనం ఎంత పెట్టి కొన్నామో అది మన లెక్క. కొనేవాళ్ల లెక్క వేరు, సంతలో కొత్తది ఎంతకు వస్తుందో దాన్నే చూస్తారు. మేం 100 పెట్టి కొన్న జుబ్బా లాంటిదే సంతలో 60కి దొరుకుతోంది. వాడినదానికి 40 అడిగితే ఎవరైనా ఇంకో 20 వేసి కొత్తదే కొంటారు. కాబట్టి జుబ్బా 20 చొప్పున 9, రొంపర్ 70 చొప్పున 5, ఫ్రాకు 80 చొప్పున 6, టీషర్టు-ప్యాంటు జత 70 చొప్పున 4, స్వెటర్ 120 చొప్పున 2 వేసుకున్నా. రెండు టోపీలు ఊరికే. మొత్తం 1,530 వచ్చింది. 1,500 అని పెట్టాను.

విడివిడిగా అమ్మితే ఇంకాస్త వస్తుంది కదా అని పక్కింటి అక్క అంది. రాదు. ఫ్రాకులు, స్వెటర్లు మొదటి రోజే పోతాయి, జుబ్బాలు నా దగ్గరే మిగులుతాయి. ఒక్కో ఫ్రాకు కోసం ఒక్కొక్కరిని ఇస్నాపూర్ చౌరస్తాలో కలవాలంటే ఆటో ఖర్చుకే సరిపోతుంది.

చివరికి ఫోన్‌లో ఇలా రాసి పెట్టాను:

"నమస్తే అక్కా, చెల్లీ! మా పాపకు పొట్టివైన బట్టలు 28, ఒకే మూటగా ఇస్తున్నాను. పుట్టినప్పటి నుంచి ఏడాది వరకు వస్తాయి. మా పాప మే నెలలో పుట్టింది. అందుకే చిన్న సైజువి పల్చటి కాటన్, చేతుల్లేనివి. స్వెటర్లు 6 నుంచి 9 నెలల సైజు. లేబుల్ సైజులు నమ్మొద్దు, ప్రతిదానికీ భుజం నుంచి అంచు దాకా టేపుతో కొలిచి ఫొటో పక్కన రాశాను. ఒక పసుపు ఫ్రాకుకు అంచున చిన్న మరక ఉంది, దాని ఫొటో వేరుగా పెట్టాను. కలరా ఉండలు వేయలేదు. ధర 1,500. విడిగా ఇవ్వను. ఇస్నాపూర్ చౌరస్తాలో చూసుకుని తీసుకోవచ్చు."

ఫొటోల్లో పాప ముఖం లేదు, మా ఇంటి అడ్రస్ లేదు. బట్టల్ని మంచం మీద సైజుల వారీగా పరిచి తీశాను.

పుట్టిన నెల ఎందుకు రాశానో మొదటి ఫోన్‌లోనే తేలింది. ఆమెకు డిసెంబర్‌లో డెలివరీ. ధర కూడా అడగకుండా తీసుకుంటానంది. నేనే వద్దన్నాను. డిసెంబర్ చలిలో పుట్టిన బిడ్డకు చేతుల్లేని జుబ్బాలు ఏం పనికొస్తాయి? ఆ స్వెటర్లు సరిపోయే సరికి చలికాలం ఎప్పుడో అయిపోతుంది. 28లో సగం కూడా ఆమె వాడలేదు. ఫోన్ పెట్టేశాక చేతికొచ్చిన 1,500 పోయాయే అని కాసేపు అనిపించింది, అబద్ధమెందుకు?

పది రోజులకు ఇంకొకరు ఫోన్ చేశారు. భర్తతో కలిసి ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే అద్దెకు ఉంటున్న అమ్మాయి. ఏప్రిల్‌లో డెలివరీ. హిందీలో మాట్లాడుకున్నాం. తోడుగా అత్తమ్మ కూడా చౌరస్తాకు వచ్చింది. వాడిన బట్టలని ఆ అమ్మాయి కొంచెం మొహమాటపడుతుంటే, అత్తమ్మ తన వచ్చీరాని హిందీలో, "మా దిక్కు పుట్టిన బిడ్డకు ముందు పాత బట్టలే ఏస్తం, మెత్తగుంటయని" అని చెప్పింది. నిజమే, పురుడు అయ్యేదాకా కొత్తవి వేయని ఇళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అమ్మాయి ప్రతి బట్టనూ విప్పి చూసింది. ఫోన్‌లో మరక ఫొటో తీసి, పసుపు ఫ్రాకు పక్కన పెట్టి పోల్చుకుంది. అంతే, ఇక బేరం ఆడలేదు. 1,500 ఇచ్చి మూట కట్టుకుంది. తాడు కొత్తగా కుట్టిన జుబ్బా పైకి వచ్చేలా అత్తమ్మే సర్ది ఇచ్చింది.