బాండు వచ్చిన కవరు

2022 మే నెలలో మా నాన్నగారి పేరు మీద స్పీడ్ పోస్టులో ఒక లావుపాటి కవరు వచ్చింది. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. కొబ్బరి దింపు డబ్బుకి దాళ్వా ధాన్యం డబ్బు కలిపి, లక్ష రూపాయలు డిపాజిట్ చేద్దామని ఆయన అంతకుముందు అమలాపురంలో బ్యాంకుకెళ్లారు. అక్కడి కుర్రాడు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, "ఎఫ్‌డీ కంటే మంచిదుందండి, ఐదేళ్లలో తీసేసుకోవచ్చు" అన్నాడట. మర్నాడు కంపెనీ నుంచి ఫోనొస్తుంది, అన్నిటికీ అవునండి అనేయమని కూడా చెప్పాడట. ఆ మజ్జిగ సంగతి నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. మర్యాదగా చూసినవాడు మోసం చేశాడన్నదే ఆయన బాధ, డబ్బు తర్వాత.

కవరు విప్పితే జీవిత బీమా పాలసీ. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టాలి. బాండు వెనక, ఆయన సంతకం చేసిన దరఖాస్తు నకలు కుట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది అక్కడే. వృత్తి దగ్గర 'వ్యాపారం', ఏడాది ఆదాయం దగ్గర తొమ్మిది లక్షలు అని ఉంది. మాకున్నవి కాస్త కొబ్బరితోట, కొంత చేను. ఏటా లక్ష కట్టగలిగేవాడిలా కాగితం మీద కనబడాలని ఆ అంకె వేశారు. ఎవరైనా ఇలాంటి బాండు తెచ్చి చూపిస్తే నేనిప్పటికీ ముందు ఆ నకలే తిప్పుతాను. నోటితో చెప్పిన మాటకు సాక్ష్యం దొరకదు, రాసిన అబద్ధం మాత్రం అక్కడ అచ్చయి ఉంటుంది.

మర్నాడు బ్యాంకుకెళితే ఆ కుర్రాడు, "కంగారెందుకండీ, వచ్చే నెల రండి, నేను చూసుకుంటాను" అన్నాడు. బాండుతో వచ్చిన ఉత్తరంలో ఉన్న వాక్యం అప్పటికే నేను చదివాను. షరతులు నచ్చకపోతే, బాండు చేతికందిన రోజు నుంచి పదిహేను రోజుల్లోగా కారణాలు రాసి తిప్పి పంపవచ్చు. అంటే వచ్చే నెల రమ్మనడం ఆ గడువు దాటించడానికే. పాలసీ మీద వేసిన తేదీ వేరు, మన చేతికందిన తేదీ వేరు. లెక్క రెండోదాన్నుంచే. పోస్టు ముద్ర ఉన్న ఆ కవరు అమ్మ పొయ్యిలోకి పడేయబోతుంటే లాక్కుని దాచాను.

ఈలోగా మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ పుట్టింది. ఇళ్లు తగలబెట్టారు. ఆ సాయంత్రం ఎవరు ఫోన్ చేసి చెప్పారో గుర్తులేదు, అమ్మ వీధి తలుపు గడియ పెట్టిన చప్పుడు మాత్రం గుర్తుంది. ఇంటర్నెట్ ఆపేశారు. మెయిల్ పంపే దారి లేదు, రోజులు మాత్రం నడుస్తున్నాయి.

అరుగు మీద కూర్చుని నాన్నగారి చేత తెల్లకాగితం మీద రాయించాను. డబ్బు అవసరం పడిందని రాద్దామన్నారాయన, ఒకరిని నిందించడం ఇష్టంలేక. నేను ఒప్పుకోలేదు. అలా రాస్తే పాలసీలో తప్పేమీ లేదని మనమే చెప్పినట్టవుతుంది. చివరికి ఇలా రాశారు: "బాండు ఫలానా తేదీన నాకు అందినది. ఇది ఒక్కసారి కట్టే డిపాజిట్ అని చెప్పినారు. బాండులో పదేళ్లు కట్టవలెనని ఉన్నది. దరఖాస్తులో నా వృత్తి, ఆదాయం నేను చెప్పినవి కావు. ఈ షరతులు నాకు సమ్మతం కాదు. గడువులోగా రద్దు కోరుచున్నాను. నిబంధనల ప్రకారం తగ్గించవలసినవి తగ్గించి మిగతా ప్రీమియం నా ఖాతాలో వేయగలరు."

అమ్మింది బ్యాంకు, కానీ రద్దు చేయాల్సింది బీమా కంపెనీ. వాళ్ల ఆఫీసు కాకినాడలో ఉంది. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా బండి మీద వెళ్లాం. వంతెన దాటాక ఫోన్‌లో మెసేజీలు వరదలా వచ్చిపడ్డాయి. యానాంలో ఆగి, ఉత్తరం ఫొటో తీసి కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను. కాకినాడ కౌంటర్లో అసలు బాండు, కవరు నకలు, రద్దుచేసిన చెక్కు ఇచ్చాం. మా దగ్గరుంచుకునే ప్రతి మీద తేదీతో ముద్ర వేయమంటే ఆ అమ్మాయి "అవసరం లేదండి" అంది. నాన్నగారు మెల్లగా, "వేసెయ్యమ్మా, మేం కూర్చుంటాం" అన్నారు. వేసింది.

డబ్బు జూన్‌లో పడింది. స్టాంపు డ్యూటీ, బీమా అమల్లో ఉన్న ఆ కొద్దిరోజుల ఖర్చు పట్టుకున్నారు. ఎంతో గుర్తులేదు, చిన్న మొత్తమే.

2024 నుంచి ఆ గడువు అన్ని జీవిత బీమా పాలసీలకూ ముప్పై రోజులైంది. అయినా మొన్న రాజోలు నుంచి మా పిన్నికి తెలిసినావిడ తెచ్చిన బాండు ఎనిమిది నెలలుగా బీరువాలో ఉంది. రెండో ఏడాది ప్రీమియానికి ఫోన్లు మొదలయ్యాకే తీసి చూసిందట. అంత ఆలస్యానికి ఈ దారి పనికిరాదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయాలి. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. ఆవిడ దరఖాస్తు నకలు తిప్పి చూశాను. ఆదాయం దగ్గర పన్నెండు లక్షలు. ఆవిడ ఇళ్లకు పాలు పోస్తుంది. ఫిర్యాదులో మొదటి వాక్యం అదే రాశాం.