ప్రతి ఐదు మి.లీ.లలో

కోదాడలో ఫార్మసీ పాఠాలు చెప్పే స్నేహితురాలు ఒకరోజు ఫోన్ చేసి, "మా పిల్లల కోసం మోతాదు లెక్కల ప్రశ్నలు రాస్తున్నా. భాష కాస్త చూసిపెట్టవా?" అని అడిగింది. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. వాక్యాలు దిద్దగలను గానీ మందుల లెక్కలతో నాకేం పని అనుకున్నాను. సూర్యాపేటలో బస్సెక్కి, మునగాల దాటాక ఆమె ఇచ్చిన కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

"చదువురాని ఒక తల్లి, జ్వరంతో ఉన్న తన 10 కిలోల బిడ్డకు సిరప్ అనుకుని పారాసిటమాల్ డ్రాప్స్ 5 మి.లీ. పట్టింది. బిడ్డకు అందిన మోతాదు ఎంత? అందవలసిన మోతాదు ఎంత?"

లెక్కలో తప్పేమీ లేదు. నన్ను ఆపింది ఆ మొదటి మాట. ఎందుకంటే ఆ తల్లిని నేనే. నాకు చదువొచ్చు.

మా పాపకు అప్పుడు ఏడాది నిండింది, బరువు పది కిలోలు. జ్వరం వస్తే 5 మి.లీ. సిరప్ పట్టమని అంతకుముందే డాక్టరు చెప్పి ఉన్నారు. ఆ రాత్రి సీసా అయిపోతే మా ఆయన వెళ్లి, మందు పేరు చెప్పి, ఇంకొకటి తెచ్చాడు. పేరు అదే, రంగు అదే, సీసా మాత్రం చిన్నది. చంటిపిల్లల కోసం చేసింది కాబట్టి ఇంకాస్త మెత్తటి మందేమో అనుకున్నాను. పాత మూతతోనే 5 మి.లీ. కొలిచి పట్టేశాను. పెట్టెలో ఉన్న డ్రాపర్ తెల్లవారుజామున రెండోసారి పట్టబోతుంటే కనిపించింది. అది చూశాకే లేబుల్ చదివాను.

డాక్టరుకు ఫోన్ చేస్తే, ఒక్కసారే కాబట్టి ప్రమాదం లేదని, ఇక ఇవ్వకుండా పాపను కనిపెట్టి ఉండమని చెప్పారు. పాపకు ఏమీ కాలేదు. అయినా ఇంట్లో ఆ మాట మిగిలిపోయింది. "గింత సదువు సదివి సీస మీద రాసింది సదవకపోతివి" అంది మా అత్తమ్మ. చుట్టాల్లో అది నాలుగు నోళ్లు తిరిగింది. సీసా తెచ్చిన మనిషినిగానీ, సిరపా డ్రాప్సా అని అడగకుండా చేతిలో పెట్టిన షాపతన్నిగానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. తప్పు నాదేనని నేనే అందరికంటే గట్టిగా నమ్మాను.

కోదాడలో దిగి ఈ సంగతి చెబితే నా స్నేహితురాలు నవ్వలేదు. అల్మరాలోంచి మూడు ఖాళీ సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. మూడింటిలోనూ ఉండేది పారాసిటమాలే. మొదటిదాని మీద "ప్రతి 5 మి.లీ.లలో 120 మి.గ్రా." అని ఉంది. రెండోదాని మీద "ప్రతి 5 మి.లీ.లలో 250 మి.గ్రా.". మూడోది డ్రాప్స్. దాని మీద "ప్రతి మి.లీ.లో 100 మి.గ్రా.".

"ఇప్పుడు చెప్పు, మొదటిదానికీ మూడోదానికీ ఏది బలమైంది?" అంది.

కన్ను పడేది అంకెల మీద. నూటఇరవై కంటే వంద తక్కువ. కాబట్టి డ్రాప్స్ తేలికైనవి అనిపిస్తుంది. సీసా చిన్నది కావడం ఆ భ్రమను ఇంకా గట్టిపరుస్తుంది. నిజానికి సిరప్‌లో ఒక మి.లీ.కు 24 మి.గ్రా. మందు ఉంటే, డ్రాప్స్‌లో 100 ఉంది. నాలుగింతల పైమాటే. చంటిబిడ్డ ఎక్కువ ద్రవం మింగలేదు కాబట్టి కొద్ది ద్రవంలోనే మందంతా ఇమడ్చడం డ్రాప్స్ ఉద్దేశం. చిన్న బిడ్డకు చిన్న సీసా అంటే తక్కువ మందు అనుకుంటాం. దాని అర్థం చిక్కటి మందు అని.

రెండు లేబుళ్లూ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. తేడా అంతా 'ప్రతి' తర్వాత వచ్చే మాటలో ఉంది. ఇరవైయేళ్లుగా వాక్యాలు చదవడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ఆ మాట మీదుగా జారిపోయాను. పైగా 'డ్రాప్స్' అన్న పేరు ఇంకో గందరగోళం. అది మందు రూపానికి పేరు, కొలత కాదు. కానీ మన ఇళ్లలో అది 'చుక్కలు' అయిపోతుంది. 1.5 మి.లీ. అని చెప్పినది పదిహేను చుక్కలుగా మారితే బిడ్డకు సుమారు సగమే అందుతుంది. చుక్క పరిమాణం ద్రవాన్ని బట్టి, డ్రాపర్ని బట్టి మారుతుంది కూడా.

ఈ పొరపాటు మన ఒక్కచోటే జరిగేది కాదు. అమెరికాలో కూడా శిశువుల డ్రాప్స్ 0.8 మి.లీ.లో 80 మి.గ్రా.గా, అంటే సరిగ్గా మన డ్రాప్స్ బలంతోనే ఉండేవి. పెద్దపిల్లల సిరప్‌తో తారుమారవుతున్నాయని 2011లో అక్కడి తయారీదార్లు పిల్లలందరికీ 5 మి.లీ.లలో 160 మి.గ్రా. అనే ఒకే బలానికి మారాలని నిర్ణయించారు. వాళ్లు తల్లులకు బుద్ధి చెప్పడంతో సరిపెట్టుకోలేదు, సీసాను మార్చారు. మన షాపుల్లో మూడు బలాలూ పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఇక్కడ ఆ తేడా పట్టుకోవలసిన మొదటి మనిషి బల్లకు అవతల నిలబడే ఫార్మసిస్టు. మా ప్రశ్న ఆ మనిషిని తయారుచేయాలి.

మొదట ఆమె రాసిన ఇంకో ప్రశ్న తీసేశాం. అందులో బిడ్డ బరువు 8 కిలోలు, మోతాదు కిలోకు 15 మి.గ్రా., మందు 120/5 సిరప్. జవాబు సరిగ్గా 5 మి.లీ. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ లెక్క చేయకుండా, సిరప్ అంటే ఒక చెంచా అని రాసేసిన అమ్మాయికీ పూర్తి మార్కులు వస్తాయి. ప్రమాణం మార్చడం తెలుసో లేదో ఆ ప్రశ్న ఎప్పటికీ చెప్పలేదు.

అందుకని 10 కిలోల బిడ్డనీ డ్రాప్స్‌నీ తీసుకున్నాం. కిలోకు 15 చొప్పున 150 మి.గ్రా. కావాలి. మి.లీ.కు 100 ఉంది కాబట్టి 1.5 మి.లీ. ఇక తప్పు జవాబులు. ఇక్కడే నాకు ఈ పని మీద గౌరవం కలిగింది. తోచిన అంకెలు పెట్టకూడదు అంది నా స్నేహితురాలు. ప్రతి తప్పు జవాబూ ఒక అమ్మాయి నిజంగా చేసే ఒక తప్పు నుంచే పుట్టాలి. అప్పుడు ఆమె ఏది ఎంచుకుందో చూస్తే ఎక్కడ జారిందో తెలుస్తుంది.

'మి.లీ.లో 100' అన్నదాన్ని '5 మి.లీ.లలో 100' అని చదివితే 7.5 మి.లీ. వస్తుంది. డ్రాప్స్ చేతిలో ఉన్నా అలవాటైన సిరప్ బలంతో లెక్కేస్తే 6.25. అక్కర్లేకపోయినా చివర ఐదుతో భాగిస్తే 0.3. దశాంశ బిందువు తప్పితే 15.

ఆ తర్వాత ప్రతిదాన్నీ వెనక్కి, బిడ్డ దగ్గరికి నడిపించాం. 7.5 మి.లీ. డ్రాప్స్ అంటే 750 మి.గ్రా., కిలోకు 75. మామూలుగా రోజంతటికీ కలిపి కిలోకు 60 దాటనివ్వరు. రోజంతా విడతలుగా ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ ఒక్క గుక్కలో పోతుందన్నమాట. 6.25 కూడా ఆ హద్దు దాటేస్తుంది. 15 మి.లీ. అయితే 1500 మి.గ్రా., కాలేయం దెబ్బతింటుందేమోనని ఆసుపత్రికి పరుగెత్తవలసిన మోతాదు. 0.3 మి.లీ. విషం కాదు, కానీ జ్వరం తగ్గదు. తగ్గకపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ పోస్తారు. నేను పట్టిన 5 మి.లీ. కూడా లెక్కేసుకున్నాను. 500 మి.గ్రా., కిలోకు 50. సీసా ఖాళీ అయ్యేదాకా అలాగే మూడుసార్లు పట్టి ఉంటే? ఆ 1500 దగ్గరికే చేరేదాన్ని.

ప్రశ్నను వాడేముందు మిర్యాలగూడలో పాఠాలు చెప్పే ఆమె పాత విద్యార్థిని క్లాసులో ఇచ్చి చూశాం. ఒకమ్మాయి 15 అని రాసింది. తప్పు అని చెప్పకుండా ఖాళీ డ్రాప్స్ సీసా ఆమె చేతికిచ్చాం. అటూ ఇటూ తిప్పి చూసి, "గిది పదిహేను మి.లీ.ల సీసనే కద మేడమ్. మరి సీస మొత్తం పొయ్యాల్నా?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. కొట్టేసి మళ్లీ లెక్క చేసుకుంది.

తప్పు ఆ అమ్మాయిది ఎంతో మాదీ అంతే. మా ప్రశ్నలో సీసా ఎంతదో చెప్పనేలేదు. చెబితే జవాబు దొరికిపోతుంది కదా అని మేడమ్ సందేహించింది. షాపులో మందిచ్చేటప్పుడు సీసా చేతిలోనే ఉంటుంది కదా, పరీక్షలో ఎందుకు దాచడం అన్నాను. కానీ సీసా పరిమాణం పట్టించేది పదిహేనునే. ఏడున్నర అంటే సగం సీసా, అది ఎవరి కంటికీ వింతగా కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి ఒక్కటే దారి. వచ్చిన మి.లీ.ని బలంతో గుణించి, బరువుతో భాగించి, మొదలుపెట్టిన 15కు తిరిగి చేరామా అని చూసుకోవడం. అందుకని ప్రశ్నకు రెండో భాగం చేర్చాం: పై ప్రతి జవాబూ బిడ్డకు కిలోకు ఎన్ని మి.గ్రా. అవుతుందో రాసి, ఇవ్వకూడనివాటిని గుర్తించండి.

మిగిలింది నా పని, ఆ మొదటి వాక్యం. 'చదువురాని' కొట్టేశాను. ఆ మాట ఉంటే ప్రశ్న చదివే అమ్మాయి లెక్క మొదలుపెట్టకముందే నేరస్థురాలు దొరికిపోతుంది. పొరపాటు పుట్టింది రెండు లేబుళ్ల మధ్య, అడగని ఒక ప్రశ్న దగ్గర అన్నది ఇక ఆమెకు తట్టదు. 'తల్లి'ని కూడా తీసేయబోయి ఆగాను. రాత్రిపూట మందు పట్టేది ఎక్కువగా తల్లే కాబట్టి ఆమెను వాక్యంలో ఉంచి, కర్తను మార్చాను.

"10 కిలోల బిడ్డకు జ్వరమని ఒక తల్లి మీ షాపుకు వచ్చింది. ఇంతకుముందు 120/5 సిరప్ 5 మి.లీ. పట్టేది. ఇప్పుడు మీ దగ్గర మి.లీ.కు 100 మి.గ్రా. ఉన్న 15 మి.లీ.ల డ్రాప్స్ సీసా మాత్రమే ఉంది. మోతాదు కిలోకు 15 మి.గ్రా. అయితే, ఒక్కో విడతకు ఎన్ని మి.లీ. అని మీరు ఆమెకు చెప్పాలి?"

తిరుగు ప్రయాణంలో ఆ వాక్యం మరోసారి చదువుకున్నాను. ఆ రాత్రి మా ఆయనకు ఎవరైనా ఆ ఒక్క అంకె చెప్పి ఉంటే చాలు. ఇల్లు చేరాక పాప మందుల డబ్బాలోంచి పాత మూత తీసి పారేశాను. డ్రాపర్‌ను దాని సీసాకే రబ్బరుబ్యాండుతో కట్టి పెట్టాను. అత్తమ్మ చూసి ఎందుకని అడిగింది. మూడు సీసాల సంగతి ఆమెకూ, మా ఆయనకూ కూర్చోబెట్టి చెప్పాను. "గట్లనా" అని కాసేపు ఊరుకుని, "మరి షాపోడు చెప్పొద్దా?" అంది అత్తమ్మ.