సారు రాసిన తేదీకి 8, అమ్మ చెప్పిన తేదీకి 1

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మనలో చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక పుట్టిన తేదీ, ఇంట్లో ఒక పుట్టిన తేదీ ఉంటయి కదా. నాకూ అంతే. దానివల్ల న్యూమరాలజీలో నేను ఇద్దరు మనుషులనయ్యాను. ఆ సంగతే రాస్తున్న.

మా హాస్టల్ రూంలో ఒక అన్నకు ఈ నంబర్ల పిచ్చి. పోయిన సెమిస్టర్‌లో నాకు రెండు సబ్జెక్టులు పోయినప్పుడు, "నీ డేట్ ఆఫ్ బర్త్ చెప్పు తమ్ముడూ" అన్నడు. పదో తరగతి మెమోలో ఉన్నది చెప్పిన: 12-06-2006. ఆయన కాగితం మీద రెండు లెక్కలు వేసిండు.

మొదటిది పుట్టినరోజు సంఖ్య. మన దగ్గర పుస్తకాల్లో మూలాంకం అంటరు. దీనికి నెల, సంవత్సరం అక్కర్లేదు, తేదీ ఒక్కటే చాలు. 12 అంటే 1+2=3. అది గురువు సంఖ్య అట. రెండోది లైఫ్ పాత్ నంబర్, అంటే జీవన మార్గ సంఖ్య. మన వాళ్లు భాగ్యాంకం అంటరు. దీనికి తేదీ, నెల, సంవత్సరం మొత్తం కలపాలె. 1+2+0+6+2+0+0+6=17, మళ్లీ 1+7=8. అది శని సంఖ్య.

"అందుకే తమ్ముడూ, నీకు ఏదైనా ఆలస్యంగనే వస్తది" అన్నడు. నాన్న చనిపోవడం, సబ్జెక్టులు పోవడం అన్నీ ఆ 8లోకి పోయి కూసున్నట్టు అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలే.

మరి రెండు సంఖ్యలు ఎందుకు? అన్నను అడిగి, పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నది ఇది. పుట్టినరోజు సంఖ్య మనిషి స్వభావం గురించి చెప్తదట: పైకి ఎట్ల కనబడతడు, చేతిలో ఏ పని ఉంది, మాట ఎట్లుంటది. లైఫ్ పాత్ బతుకు మొత్తం ఏ దారిన పోతది, ఏ పాఠం మళ్లీ మళ్లీ ఎదురవుతది అని చెప్తదట. నాది 3, 8 కాబట్టి, మాటకారి, చదువు మీద ఇష్టం ఉన్నోడు, కానీ కష్టపడి, ఆలస్యంగా పైకొచ్చే దారి. పాశ్చాత్యుల పుస్తకాల్లో లైఫ్ పాతే పెద్దది, పుట్టినరోజు సంఖ్య దానికి తోడు. మన దగ్గర నంబర్లు చూసేటోళ్లు ముందు తేదీనే అడుగుతరు. కీరో అనే ఐర్లాండ్ జ్యోతిష్కుడు (1866–1936) పుట్టిన తేదీకే ఎక్కువ విలువిచ్చిండు. ఆ ప్రభావం మన దగ్గర ఇప్పటికీ ఉంది.

లెక్క చూస్తే కూడా తేడా తెలుస్తది. నెలలో 3, 12, 21, 30 తేదీల్లో పుట్టినోళ్లందరికీ పుట్టినరోజు సంఖ్య 3, ఏ నెల, ఏ ఏడాది అయినా సరే. లైఫ్ పాత్ అట్ల కాదు. జూన్ 12నే, కానీ 2007లో పుట్టిన తమ్మునికి పుట్టినరోజు సంఖ్య 3, లైఫ్ పాత్ మాత్రం 9. ఏడాది ఒకటి పెరిగితే లైఫ్ పాత్ కూడా ఒకటి పెరుగుతది, 9 తర్వాత మళ్లీ 1. అంటే ఒకే తేదీవాళ్లను విడదీసేది లైఫ్ పాతే. ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తరు. 2006ని 06 అని రాసి కలుపుతరు. నా తేదీకి అట్ల చేస్తే 15 వచ్చి, 6 అవుతది. శని పోయి శుక్రుడు వస్తడు! సంవత్సరం నాలుగు అంకెలూ రాయాలె.

పట్టణంలో నంబర్లు చూసే ఒకాయన దగ్గరికి కూడా పోయిన. పేరులో ఒక అక్షరం కలిపితే 8 బలం తగ్గుతది, రెండు వేల వంద అవుతది అన్నడు. మెమోలో, ఆధార్‌లో, కుల సర్టిఫికెట్‌లో పేరు ఒక్క తీరుగ లేకపోతే స్కాలర్‌షిప్‌కు ఎంత తిరగాల్నో మీకు తెలుసు. "పేరు మార్చొద్దు, నోట్‌బుక్ మీద రాసుకో చాలు" అన్నడు. డబ్బులు సర్దుకుని వస్తనని బయటికొచ్చిన.

ఆ వారం ఊరికి పోయినప్పుడు అమ్మకు చెప్పిన. అమ్మ నవ్వి, "ఆ తేదీ నీది గాదు బిడ్డా, సారు రాసుకున్నడు" అన్నది. మమ్మల్ని ఒకటో తరగతిలో వేసినప్పుడు సారు ఐదేళ్లు వెనక్కి లెక్కేసి, బడి తెరిచే రోజని జూన్ 12 రాసిండట. మా గూడెం నుంచి ఆ ఏడు బడికి పోయిన ఏడుగురికీ అదే తేదీ.

"మరి నేను ఎప్పుడు పుట్టిన?" అన్న.

"కోడి కూసే యాళ్లకు. శనివారం, సంత రోజు. దీపావళి ఇంకా రాలే. వానలు బాగా పడుతున్నయి. ఆ రోజు సాయంత్రం రేడియోల వలిగొండ కాడ రైలు పడిపోయిందని చెప్పిండ్రు, మీ నాయన ఇని వచ్చి చెప్పిండు."

అది వెతికితే దొరికింది. వలిగొండ దగ్గర వానలకు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది 2005 అక్టోబర్ 29న, తెల్లవారుజామున. ఆ రోజు శనివారం. ఆ ఏడాది దీపావళి నవంబర్ 1. అమ్మ చెప్పిన ప్రతి ఒక్కటీ సరిపోయింది. సదువు రాని మా అమ్మ తేదీని అట్ల దాచిపెట్టింది.

మళ్లీ లెక్క వేసిన. 29 అంటే 2+9=11, అంటే 2, చంద్రుడు. పాశ్చాత్య పద్ధతిలో 11ను తగ్గించకుండ మాస్టర్ నంబర్ అని ఉంచుతరు. లైఫ్ పాత్: 2+9+1+0+2+0+0+5=19, 1+9=10, 1+0=1. సూర్యుడు. అంటే మెత్తని మనసు, కానీ ముందు నడిచే దారి. రెండు సంఖ్యలూ మారిపోయినయి. అబద్ధం ఎందుకు, ఒక పూట చాలా సంతోషమేసింది. శని పోయిండు కదా!

తర్వాత ఆలోచన వచ్చింది. అమ్మ లెక్క ఒక్క రోజు అటు జరిగి 30 అయితే, పుట్టినరోజు సంఖ్య 3, లైఫ్ పాత్ 11, అంటే 2 అయ్యేది. ఒక్క రోజుకే రెండూ మారుతయి. ఇంకో సంగతి. ఆ ఏడుగురికీ సర్టిఫికెట్ లెక్కన 3, 8 కదా. వాళ్లలో ఒకడు ఆటో నడుపుతున్నడు, ఒక చెల్లె నర్సింగ్ చేస్తున్నది, ఒకడు మిరప తోటల్లో కూలికి పోతున్నడు, ఇద్దరికి పెళ్లిళ్లయి పిల్లలున్నరు, ఒకడు పోయిన ఏడు పోలీస్ సెలక్షన్‌లో వచ్చిండు. నేను ఇక్కడ. సారు పెన్నుతో పెట్టిన 8 మమ్మల్ని ఒక దారిన నడిపియ్యలే.

ఆ అన్నకు ఇదంతా చెప్పిన. ఆయన కాసేపు ఆలోచించి, "అసలు తేదీ దొరికితేనే లెక్క పనిచేస్తది" అన్నడు. ఆయన నమ్మకం ఆయనది. నేను మాత్రం ఇంకోటి అడిగిన: "అన్నా, నువ్వు 8 అని చెప్పినప్పుడు నా బతుకంతా సరిగ్గ కలిసింది. 1 అన్నప్పుడు కూడా కలిసింది. రెండూ కలిస్తే ఏది చెప్పినట్టు?" అన్న జవాబు చెప్పలే.

నాకు అర్థమైంది ఇంతే. పుట్టినరోజు సంఖ్య తేదీ ఒక్కటే చూస్తది, లైఫ్ పాత్ మొత్తం తేదీ చూస్తది. ఒకటి స్వభావం, ఒకటి దారి అని చెప్పుకుంటరు. సరదాకు చూసుకుంటే తప్పు లేదు. కానీ ఎవరైనా మీ సంఖ్య చెప్పి భయపెడితే, ముందు ఆ తేదీ ఎవరు రాసిండ్రో అడగండి.

రెండు వేల వంద ఇయ్యలే. ఆ రెండు సబ్జెక్టులకు సప్లిమెంటరీ ఫీజు కట్టిన. ఇంకో సంగతి, ఈ అక్టోబర్ 29న మొదటిసారి అమ్మకు ఫోన్ చేసి, నా పుట్టినరోజని చెప్పిన. "నాకెందుకు చెప్తున్నవ్, నాకు ఎరికే గదా" అన్నది.